మణికట్టు మీద వైబ్రేషన్: మీటింగ్‌లో పక్కవాళ్ళకి వినపడేది, బస్సులో మనకే తెలియనిది

వాచ్ ఒకటే, సెట్టింగ్ ఒకటే. పొద్దున మీటింగ్‌లో అది బుర్రుమంటే ఎదురుగా కూర్చున్నాయన తల తిప్పి నా చేతి వైపు చూశాడు. అదే రోజు సాయంత్రం బస్సులో నిలబడి ఉన్నప్పుడు దిగాల్సిన స్టాప్‌కి ముందు మోగాల్సిన రిమైండర్ వచ్చిందో రాలేదో కూడా తెలియలేదు, దిగేసరికి రెండు స్టాప్‌లు దాటిపోయాయి. తర్వాత చూస్తే వాచ్‌లో నోటిఫికేషన్ ఉంది, అంటే సరైన టైముకే వచ్చింది. మరి ఉదయం ఎక్కువైన వైబ్రేషన్ సాయంత్రానికి ఎలా తక్కువైంది?

ఇలాంటప్పుడు చాలామంది చేసేది వైబ్రేషన్ బలం పెంచడం. బస్సులో దానివల్ల కొంచెం మేలు, మీటింగ్‌లో మాత్రం పూర్తిగా చెడు. అసలు బలం అనేది ఇందులో ఒక చిన్న ముక్క మాత్రమే. ఎవరికీ తెలియకుండా మనకి మాత్రమే గుర్తుచేసే వైబ్రేషన్ మూడు చోట్ల తప్పిపోవచ్చు: వేరేవాళ్ళకి వినపడటం, మన చర్మానికి తెలియకపోవడం, తెలిసినా అది దేని గురించో అర్థం కాక వాచ్ వైపు చూడాల్సి రావడం. మీటింగ్, క్లాసు, బస్సు ఈ మూడింటినీ వేర్వేరుగా చూపిస్తాయి.

వాచ్ లోపల కదిలేది ఏంటి

స్మార్ట్‌వాచీల్లో సాధారణంగా రెండు రకాల మోటార్లు ఉంటాయి. మొదటిది తిరిగే రకం. చిన్న మోటారు ఇరుసుకి ఒక పక్కకే బరువు తగిలించి ఉంటుంది, తిరిగేటప్పుడు ఆ బరువు అటూ ఇటూ లాగుతుంది కాబట్టి వాచ్ మొత్తం అదురుతుంది. నిమిషానికి 10,000 సార్లు తిరిగే మోటారు అనుకోండి, దాన్ని 60తో భాగిస్తే సెకనుకి సుమారు 167 అదుర్లు, అంటే 167 హెర్ట్జ్. దీని ఇబ్బంది ఏంటంటే వేగం అందుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది, కరెంటు ఆపేశాక కూడా ఫ్యాన్ లాగా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అందుకే దీంతో చిన్న చిన్న దెబ్బలు రెండు దగ్గర దగ్గరగా ఇస్తే అవి కలిసిపోయి ఒకటే పొడుగాటి అదురులా అనిపిస్తాయి.

రెండోది ముందుకీ వెనక్కీ కదిలే రకం. స్ప్రింగ్ మీద కూర్చోబెట్టిన చిన్న బరువుని తీగచుట్ట, అయస్కాంతం కలిసి ఊపుతాయి. ఉయ్యాలకి దాని సొంత ఊపు ఉన్నట్టే దీనికీ ఒక సొంత వేగం ఉంటుంది, ఎక్కువగా 150 నుంచి 235 హెర్ట్జ్ మధ్యలో. ఆ వేగం దగ్గరే ఇది బాగా పనిచేస్తుంది, దాన్నించి పక్కకి జరిగితే నీరసపడిపోతుంది. కానీ మొదలవడం, ఆగడం చాలా చురుగ్గా ఉంటాయి. 2015లో వచ్చిన యాపిల్ వాచ్‌లో ఈ రకమే పెట్టి దానికి ట్యాప్టిక్ ఇంజిన్ అని పేరు పెట్టారు.

మీ వాచ్‌లో ఏది ఉందో తెలుసుకోవడానికి దాన్ని విప్పి చూడక్కర్లేదు. అతి చిన్న వైబ్రేషన్ వచ్చినప్పుడు ఎవరో వేలితో టక్కున తట్టినట్టు ఉంటే బహుశా రెండో రకం. మెల్లగా లేచి మెల్లగా సద్దుమణిగే బుర్రు అయితే మొదటిది. ఈ తేడా కింద మళ్ళీ అవసరపడుతుంది.

చర్మం దాన్ని ఎలా పట్టుకుంటుంది

మన చర్మం లోపల అదుర్లని పట్టే గ్రాహకాలు ఒక్క రకం కాదు. నెమ్మదిగా, సెకనుకి కొన్ని పదుల సార్లు వచ్చే కదలికని ఒక రకం పడుతుంది. వేగంగా వచ్చే అదుర్లని లోతుగా ఉండే ఇంకో రకం పడుతుంది, వీటికి ఇటలీ శరీర శాస్త్రవేత్త ఫిలిప్పో పాచీని పేరు ఉంది. ఈ పాచీని గ్రాహకాలు 200 నుంచి 300 హెర్ట్జ్ దగ్గర అన్నిటికంటే సున్నితంగా ఉంటాయి, ఎంత సున్నితం అంటే కంటికి కనపడనంత చిన్న కదలిక కూడా వేలి కొనకి తెలిసిపోతుంది. వాచ్ మోటార్లు ఆ చుట్టుపక్కల అదరడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అయితే వాచ్ పెట్టుకునేది వేలి కొన మీద కాదు. మణికట్టు పైభాగం వేలి కొనతో పోలిస్తే బాగా మందకొడి. దీన్ని ఎవరైనా చూసుకోవచ్చు. వాచ్ చేతికి పెట్టుకుని ఒక వైబ్రేషన్, తీసి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అదే వైబ్రేషన్ ఇప్పించండి, రెండోసారి ఎంతో గట్టిగా అనిపిస్తుంది, మోటారు చేసిన పని మాత్రం రెండుసార్లూ ఒకటే. పట్టీ వదులుగా ఉంటే ఇది ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే వాచ్ అడుగు చర్మానికి ఆనకుండా గాలిలో అదిరిపోతుంది. వయసు పెరిగేకొద్దీ, చేతులు బాగా చల్లబడినప్పుడూ ఈ వేగం అదుర్లు తక్కువగా తెలుస్తాయి.

ఎంతసేపు అదరాలనేది కూడా లెక్కలోకి వస్తుంది. పాచీని గ్రాహకాల దారిలో వచ్చే అదురుని మెదడు సుమారు ఒక సెకను వరకూ పోగు చేసుకుంటుంది, కాబట్టి 50 మిల్లీసెకన్ల దెబ్బ కంటే అదే బలంతో 400 మిల్లీసెకన్లు వస్తే సులువుగా తెలుస్తుంది. అలా అని పది సెకన్లు ఆపకుండా అదిరిస్తే లాభం లేదు, చర్మం దానికి అలవాటు పడిపోతుంది. మధ్యలో ఖాళీ ఇచ్చి మళ్ళీ ఇస్తే ప్రతిసారీ కొత్తగా తగులుతుంది. బలం ఏమాత్రం పెంచకుండా కేవలం పొడుగు, ఖాళీలతోనే వైబ్రేషన్‌ని బాగా తెలిసేలా చేయొచ్చు, చాలామంది వదిలేసేది ఇక్కడే.

మీటింగ్‌లో టేబుల్ చేసే మోసం

స్కూల్లో శృతిదండం ప్రయోగం గుర్తుందా? దాన్ని కొట్టి గాలిలో పట్టుకుంటే చెవి దగ్గర పెడితే తప్ప వినపడదు. అదే దాని కాడని బల్లకి ఆనిస్తే క్లాసు మొత్తానికీ వినపడుతుంది. వాచ్ విషయంలో జరిగేది సరిగ్గా అదే. 170, 200 హెర్ట్జ్ అంటే చెవికి బాగా వినపడే శబ్దమే, కానీ వాచ్ చాలా చిన్నది కాబట్టి అంత లోతు స్వరంలో గాలిని ఎక్కువగా కదపలేదు. మణికట్టు మెత్తని కండ, అది అదురుని మింగేస్తుంది. ఎప్పుడైతే పట్టీ బకిల్ గానీ వాచ్ అంచు గానీ చెక్క టేబుల్‌కి తగులుతుందో, అప్పుడు పెద్ద పలక మొత్తం అదిరి గాలిని కదుపుతుంది. నా విషయంలో ఆ పొద్దున జరిగింది ఇదే, మోచేతి నుంచి మణికట్టు దాకా టేబుల్ మీద పరిచి కూర్చున్నాను. లోహపు పట్టీ అయితే పరిస్థితి ఇంకా ఘోరం, లంకెలు ఒకదానికొకటి తగిలి గరగరమంటాయి. చెయ్యి ఒళ్ళో ఉన్నా, కుర్చీ మెత్తని చేతి మీద ఉన్నా అదే వైబ్రేషన్ పక్కవాళ్ళకి చేరదు.

సైలెంట్ మోడ్‌లో పెట్టాను కదా అనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఆ మోడ్ స్పీకర్‌ని ఆపుతుంది, మోటారుని కాదు. యాపిల్ వాచ్‌లో థియేటర్ మోడ్ పెడితే చెయ్యి ఎత్తినా తెర వెలగదు, శబ్దం రాదు, వైబ్రేషన్ మాత్రం వస్తూనే ఉంటుంది.

శబ్దం సంగతి పక్కన పెడితే, మీటింగ్‌లో అసలు రట్టు చేసేది మన చూపు. ఎవరైనా మాట్లాడుతుండగా మనం మణికట్టు వైపు చూశామంటే వాళ్ళకి అర్థమయ్యేది ఒక్కటే: ఇంక ముగించండి, నాకు పనుంది. మనం చూసింది నీళ్ళు తాగమనే రిమైండర్ అని వాళ్ళకి ఏం తెలుసు? వైబ్రేషన్ ఎంత నిశ్శబ్దంగా వచ్చినా, అదేంటో తెలియడానికి చూడాల్సి వస్తే గుట్టు బయటపడ్డట్టే.

చూడకుండానే అర్థం కావడానికి

కంప్యూటర్ తెర మీద బొమ్మ చూసి ఇది ఫలానా పని అని గుర్తుపట్టినట్టు, స్పర్శతో గుర్తుపట్టే సంకేతాలు తయారు చేయొచ్చు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బ్రూస్టర్, లోర్నా బ్రౌన్ 2004లో వీటికి ట్యాక్టాన్లు అని పేరు పెట్టారు. మనుషులు బాగా పట్టేది లయని. ఒకటి పొడుగు, రెండు పొట్టి లాంటి తేడా సులువుగా తెలుస్తుంది. బలంలో తేడా అంత నమ్మకం కాదు, ఎందుకంటే ఇది గట్టిదా మెత్తదా అని చెప్పాలంటే పక్కన పోల్చుకోవడానికి ఇంకోటి ఉండాలి, పైగా పట్టీ కాస్త జరిగితే గట్టిది మెత్తదైపోతుంది.

ఆండ్రాయిడ్‌లో యాప్ తయారుచేసేవాళ్ళు లయని ఇలా అంకెల వరసగా రాస్తారు:

```
VibrationEffect.createWaveform(
    longArrayOf(0, 400, 300, 400), -1)
```

అంకెలన్నీ మిల్లీసెకన్లు. మొదటి సున్నా ఆగకుండా మొదలుపెట్టమని. తర్వాత 400 అదురు, 300 ఖాళీ, మళ్ళీ 400 అదురు. చివరి -1 అంటే మళ్ళీ మళ్ళీ తిప్పొద్దని. ఇప్పుడు ఆ మధ్య 300ని 40 చేశారనుకోండి. ముందుకీ వెనక్కీ కదిలే మోటారు ఉన్న వాచ్‌లో రెండు దెబ్బలు విడివిడిగా తెలిసే అవకాశం ఉంది, తిరిగే మోటారు ఉన్న వాచ్‌లో మొదటిది ఆగేలోపే రెండోది మొదలైపోయి మొత్తం ఒకటే బుర్రు అవుతుంది. ఒక వాచ్‌లో చక్కగా అర్థమైన సంకేతం ఇంకో వాచ్‌లో అర్థం కాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

సంకేతాలు ఎన్ని ఉండొచ్చు అన్నదానికి యాపిల్ వాచ్‌లోని ట్యాప్టిక్ టైమ్ మంచి ఉదాహరణ. ఇది టైముని తట్టి చెబుతుంది. అందులో అంకెల పద్ధతిలో ప్రతి పది గంటలకి ఒక పొడుగు, మిగిలిన ప్రతి గంటకి ఒక పొట్టి, ఆ తర్వాత ప్రతి పది నిమిషాలకి ఒక పొడుగు, మిగిలిన ప్రతి నిమిషానికి ఒక పొట్టి. 12:47 అయిందనుకోండి: ఒక పొడుగు, రెండు పొట్టి, నాలుగు పొడుగు, ఏడు పొట్టి. మొత్తం 14 తట్లు. ఎదుటి మనిషి మాట వింటూ 14 తట్లు లెక్కపెట్టడం ఎవరి తరం? అందుకే అందులో ఇంకో పొదుపు పద్ధతి ఉంది: ప్రతి ఐదు గంటలకి ఒక పొడుగు, మిగతా గంటలకి పొట్టి, తర్వాత గడిచిన ప్రతి పావుగంటకి ఒక పొడుగు. అదే 12:47 ఇందులో రెండు పొడుగు, రెండు పొట్టి, మూడు పొడుగు, మొత్తం ఏడు. రెండు నిమిషాల ఖచ్చితత్వం పోయింది, తట్లు సగమయ్యాయి.

రిమైండర్లలో ఏడు కూడా ఎక్కువే అని నా అభిప్రాయం. ఒకటి, రెండు, మూడు, అంతకు మించితే మనసు లెక్కలో పడుతుంది. చాలా వాచీల్లో సొంత లయ పెట్టుకునే వీలు కూడా ఉండదు, అప్పుడు అర్థాన్ని వైబ్రేషన్‌లో కాకుండా టైములో దాచుకోవాల్సి ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. మీరు 45 నిమిషాల మీటింగ్ నడుపుతున్నారు. ఆ గంటలో మెసేజ్‌లు, మెయిళ్ళు వాచ్‌కి రాకుండా ఆపి, 30వ నిమిషానికి ఒక అలారం, 40వ నిమిషానికి ఒక అలారం పెట్టారు. మొదటిసారి అదిరితే చర్చ ఆపి నిర్ణయాలకి రావాలి, రెండోసారి అదిరితే ఎవరు ఏం చేయాలో చెప్పి ముగించాలి. రెండూ ఒకేలా అదిరినా ఫరవాలేదు, వరసే అర్థం చెబుతుంది. ఇదంతా నిలబడేది ఇంకేదీ అదరకపోతేనే. మధ్యలో ఒక్క మెసేజ్ దూరిందంటే 30వ నిమిషందే వచ్చింది అనుకుని 22కే చర్చ ఆపేస్తారు.

క్లాసులో: సాయమా, ఆటంకమా

క్లాసులో దీన్ని ఇద్దరు వాడతారు. టీచర్ పాఠాన్ని టైముకి నడపడానికి వాడితే అది పైన చెప్పిన మీటింగ్ లెక్కే. విద్యార్థి వాడకం వేరు. ధ్యాస తొందరగా చెదిరిపోయే పిల్లలకి కొన్ని నిమిషాలకోసారి మణికట్టు మీద చిన్న తట్టు ఇస్తారు, అది తగిలినప్పుడు ఇప్పుడు నేను చేయాల్సిన పని చేస్తున్నానా అని తనను తానే అడుగుకోవడం అలవాటు చేస్తారు. టీచర్ పేరుపెట్టి పిలిచి గుర్తుచేస్తే క్లాసంతా వాడి వైపు తిరుగుతుంది, ఇందులో ఆ అవమానం ఉండదు. అందుకే స్మార్ట్‌వాచీలు రాకముందు నుంచీ వైబ్రేషన్ ఇచ్చే చిన్న పెట్టెలని నడుముకి తగిలించి ఈ పద్ధతి నడిపారు.

దీనికి వ్యతిరేకంగా చెప్పేవాళ్ళ వాదన కూడా బలమైనదే. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో ఏకాగ్రత కావాల్సిన పని చేస్తున్నవాళ్ళకి ఫోన్ కాల్ గానీ మెసేజ్ గానీ వచ్చినట్టు నోటిఫికేషన్ ఇచ్చారు. వాళ్ళు ఫోన్ ముట్టుకోకపోయినా తప్పులు పెరిగాయి. అంటే అంతరాయం చేతిలో కాదు, తలలో జరుగుతుంది. తగలగానే మనసు దాని వెంట పోతుంది. మరి ధ్యాస కోసం ఇచ్చే తట్టు కూడా ధ్యాసని చెడగొట్టదా?

నాకు ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని అనిపించదు. ఎవరో పంపిన మెసేజ్ వచ్చినప్పుడు ఎవరు, ఏంటి అనే ప్రశ్న తెరుచుకుని, చూసేదాకా మూతపడదు. మనమే పెట్టుకున్న తట్టు ఏంటో ముందే తెలుసు, తెరుచుకునే ప్రశ్నే లేదు. కానీ ఈ తేడా నిలబడాలంటే ఆ వాచ్‌లో తట్టు తప్ప ఇంకేమీ రాకూడదు. మెసేజ్‌లు కూడా వచ్చే వాచ్‌లో ప్రతి తట్టుకీ ఇది అదేనా, ఇంకేదన్నానా అనే టెన్షన్ మొదలవుతుంది, అప్పుడు వ్యతిరేకుల మాటే నిజమవుతుంది. స్కూళ్ళ భయం కూడా ఇక్కడే: టీచర్‌కి బయట నుంచి చూస్తే రిమైండర్‌కీ మెసేజ్‌కీ తేడా తెలియదు. పరీక్ష హాళ్ళలో స్మార్ట్‌వాచ్‌ని చాలా చోట్ల అసలు రానివ్వనిది అందుకే.

ఇంకో చిక్కు అలవాటు. చర్మానికి వచ్చే మొద్దుబారడం కాసేపటికి పోతుంది, మనసుకి వచ్చేది పోదు. ప్రతి ఐదు నిమిషాలకీ ఠంచనుగా వచ్చే తట్టుని కొన్ని వారాలకి పిల్లలు పట్టించుకోవడం మానేస్తారు. ఒకసారి మూడు నిమిషాలకి, ఒకసారి ఏడుకి ఇలా అటూ ఇటూగా మారుస్తూ ఇస్తే ఎప్పుడొస్తుందో ముందే ఊహించలేరు.

బస్సులో మోటారుతో పోటీపడేది ఇంజిన్

ఇప్పుడు నా స్టాప్‌ల సంగతి. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ బస్సు ఆగి ఉన్నప్పుడు నిమిషానికి 600 సార్లు తిరుగుతోంది అనుకోండి, అంటే సెకనుకి 10 చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకి మూడు సిలిండర్లు మండుతాయి కాబట్టి సెకనుకి 30 దెబ్బలు, 30 హెర్ట్జ్. దీనికి రోడ్డు గతుకుల కదలిక తోడు. వాచ్ అదిరేది 170, 200 దగ్గర, కాబట్టి చర్మంలో ఈ రెంటినీ ప్రధానంగా పట్టేవి వేర్వేరు గ్రాహకాలు, వైబ్రేషన్ పూర్తిగా మునిగిపోకూడదు. కానీ అదిరే బస్సు బాడీ 30 దగ్గరే ఆగదు, కిటికీ అద్దాలు, రేకులు, కడ్డీలు ఇంకా పై వేగాల్లో కూడా గిలగిల్లాడతాయి. వాటిలో కొంత వాచ్ వేగానికి దగ్గరగా వచ్చిందంటే దాన్ని కప్పేస్తుంది.

అంతకంటే పెద్ద కారణం చెయ్యి. పైన కడ్డీ పట్టుకుని వేలాడే చేతికే వాచ్ ఉంటే మూడు జరుగుతాయి. కడ్డీ అదురు నేరుగా మణికట్టుకి వస్తుంది. పట్టు కోసం కండరాలు బిగిసి ఉంటాయి. పైగా మనం చెయ్యి కదిపేటప్పుడు ఆ చేతి నుంచి వచ్చే స్పర్శ సమాచారాన్ని మెదడు తగ్గించేస్తుంది, నడిచేటప్పుడు చొక్కా ఒంటికి రాసుకోవడం తెలియనట్టే. నేను ఎడమ చేతికి వాచ్ పెట్టుకుని ఎడమ చేత్తోనే కడ్డీ పట్టుకున్నాను. తర్వాత కుడి చేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాక, సెట్టింగ్ ఏమీ మార్చకుండానే, అదే వైబ్రేషన్ తెలియడం మొదలైంది.

టైము బదులు స్థలాన్ని బట్టి రిమైండర్ పెట్టుకునేవాళ్ళకి ఇంకో ఉచ్చు ఉంది. స్టాప్ చుట్టూ ఒక వలయం గీసి, అందులోకి రాగానే అదరమని చెబుతాం. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ మన స్థానాన్ని క్షణక్షణం చూడదు. యాప్ వెనకాల పనిచేస్తున్నప్పుడు సగటున రెండు మూడు నిమిషాల ఆలస్యం ఉంటుందని ఆండ్రాయిడ్ వాళ్ళ డాక్యుమెంట్లలోనే ఉంది. లెక్క వేద్దాం. బస్సు గంటకి 30 కిలోమీటర్లు అంటే నిమిషానికి అర కిలోమీటరు. రెండు నిమిషాల ఆలస్యంలో ఒక కిలోమీటరు వెళ్ళిపోతుంది. వలయం 300 మీటర్లు పెట్టారంటే స్టాప్ దాటి 700 మీటర్లు పోయాక అదురుతుంది. దిగడానికి లేచి, జనంలోంచి తలుపు దాకా రావడానికి ఒక నిమిషం కావాలనుకుంటే ఇంకో 500 మీటర్లు కలపాలి, అంటే వలయం ఒకటిన్నర కిలోమీటరు ఉంటే గానీ పని జరగదు. అంత పెద్ద వలయం పెడితే ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజు పావుగంట ముందే అదురుతుంది, అది ఇంకో తలనొప్పి.

తెలియలేదా, రాలేదా

వైబ్రేషన్ మిస్సయినప్పుడు ఈ రెంటినీ వేరు చేయడం ముఖ్యం. వాచ్‌లోని నోటిఫికేషన్ల జాబితాలో అది ఉంటే వచ్చింది, మనకి తెలియలేదు: చెయ్యి, పట్టీ, పొడుగు చూసుకోవాలి. వాచ్‌లో లేకుండా ఫోన్‌లోనే ఉంటే దారి మారింది. ఉదాహరణకి ఐఫోన్ అన్‌లాక్ అయి వాడుతుంటే నోటిఫికేషన్ ఫోన్‌కే వస్తుంది, వాచ్‌కి రాదు. బస్సులో ఏదో చదువుకుంటూ ఉన్నప్పుడు తెర పైన ఒక క్షణం మెరిసి మాయమైపోయేది అదే. వాచ్‌లోనే నేరుగా పెట్టుకున్న అలారానికి ఈ గొడవ లేదు, ఫోన్ బ్యాగులో ఉన్నా, ఇంట్లో మర్చిపోయినా మణికట్టు మీదే అదురుతుంది. నేను ఇప్పుడు బస్సుకి వాడేది అదే, ఎక్కగానే మామూలుగా పట్టే టైములో నాలుగు నిమిషాలు తగ్గించి వాచ్‌లోనే టైమర్ పెడతాను. వాచ్ లేని చెయ్యి కడ్డీ మీద ఉంటుంది.